వారంలో డబ్బిస్తాం, రేటు తగ్గించండి అన్నవారికి రాసే జవాబు: ఏం కొట్టేయాలి, ఏం చేర్చాలి

ప్రశ్న:

మాది పీణ్య సెకండ్ స్టేజ్‌లో చిన్న సీఎన్‌సీ యూనిట్. బొమ్మసంద్రలో వాల్వులు తయారుచేసే ఒక కంపెనీకి స్టీలు బుష్‌లు చేసి ఇస్తాం. ఓనర్ మన హిందూపురం వైపు మనిషే, అన్నా అనే పిలుస్తాను. ఇప్పుడు 5,000 బుష్‌ల ఆర్డరు, ఒక్కోటి 80 రూపాయలు, జీఎస్టీ వేరే. రేటు చెప్పాం, వాళ్ళ పర్చేజ్ ఆర్డరు, అదే పీఓ, ఇంకా రాలేదు. ప్రతిసారీ పీఓలో 45 రోజులు అని ఉంటుంది గానీ డబ్బు చేతికొచ్చేసరికి 60 రోజులవుతుంది. నిన్న ఆయన "76 చెయ్యి, వారంలో డబ్బు వేయిస్తా" అని మెసేజ్ పెట్టారు. మాకు బ్యాంకు సీసీ అప్పు మీద 12 శాతం వడ్డీ. వడ్డీతో సహా ఖర్చులన్నీ పోను ఈ ఆర్డరులో 40 వేలు మిగులుతుంది. ఈ జవాబు రాసి పెట్టుకున్నాను, కాస్త దిద్దిపెడతారా?

"అన్నా, నమస్తే. మీరు అడిగారు కాబట్టి కాదనలేను. మెటీరియల్ రేటు బాగా పెరిగింది, జీతాలు, కరెంటు బిల్లు, ఈఎంఐలతో మాకూ చాలా టైట్‌గా ఉంది. అయినా మన పరిచయం దృష్ట్యా 76కి ఒప్పుకుంటున్నాం. దయచేసి వారంలోపు పేమెంట్ చేయగలరని ఆశిస్తున్నాం. ఇంకా ఏమైనా ఉంటే చెప్పండి, మాట్లాడుకుందాం."

జవాబు:

మీ తెలుగులో దిద్దాల్సింది ఏమీ లేదు, మర్యాదగా ఉంది. కానీ ఈ మెసేజ్ ఇలాగే వెళితే రేటు ఈ రోజే తగ్గిపోతుంది, డబ్బు మాత్రం ఎప్పుడు వస్తుందో ఆయన ఇష్టం. మీరిచ్చేది ఖాయం, మీకొచ్చేది ఆశ. దాన్ని తిరగేయడమే ఇక్కడ అసలు ఎడిటింగ్. మాటలు మార్చేముందు ఒక చిన్న లెక్క వేసుకుందాం, ఎందుకంటే ఉత్తరంలో రాయాల్సిన అంకె అందులోంచే వస్తుంది.

సరుకు విలువ 4,00,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 72,000. మొత్తం ఇన్వాయిస్ 4,72,000. ఆయన మామూలుగా 60వ రోజుకు ఇస్తారు, ఇప్పుడు 7వ రోజుకు ఇస్తానంటున్నారు. అంటే 53 రోజుల ముందు. 4,72,000కి 12 శాతం చొప్పున 53 రోజుల వడ్డీ సుమారు 8,220 రూపాయలు. ఆ డబ్బు ముందే వస్తే మీ సీసీలో మిగిలేది అంతే.

ఇక్కడ చాలామంది వడ్డీని 4 లక్షల మీదే కడతారు. అలా చేయకండి. మీరు నెలనెలా రిటర్న్ వేసేవారైతే ఆ జీఎస్టీని కొన్నవాళ్ళు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా తర్వాతి నెల 20వ తేదీలోపు మీరు కట్టి తీరాలి. బార్ స్టాక్ కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చే ఐటీసీ పోను మిగిలినది మీ జేబులోంచే వెళుతుంది. కాబట్టి ఆలస్యం అయ్యేది మొత్తం 4,72,000, వడ్డీ లెక్కా దాని మీదే.

ఇప్పుడు ఆయన అడిగింది చూడండి. 80ని 76 చేయడమంటే 5,000 బుష్‌ల మీద 20,000. మీకు లాభించేది 8,220, మీరు వదులుకునేది 20,000. వారంలో డబ్బు నిజంగా వచ్చినా సరే, 40 వేల మిగులు 28 వేలకు దిగుతుంది. రాకపోతే 20 వేలే. 53 రోజుల కోసం 20 వేలు వదులుకోవడాన్ని ఏడాది వడ్డీగా మారిస్తే 30 శాతం చుట్టూ తేలుతుంది. బ్యాంకు 12కే ఇస్తున్నప్పుడు 30కి అప్పు తీసుకోవడం ఎందుకు?

అలాగని ఆయన మాటను తోసిపుచ్చక్కర్లేదు. 2 శాతం దగ్గర ఇద్దరికీ కుదురుతుంది. 4 లక్షల మీద 2 శాతం 8,000. మీకు మిగిలే వడ్డీ 8,220 కాబట్టి మీరు నష్టపోరు. ఆయన వైపు నుంచి చూస్తే, ఆ 4,72,000ని 53 రోజులపాటు 7 శాతం డిపాజిట్‌లో ఉంచుకున్నా వచ్చేది 4,800 లోపే. ఆయన 10 శాతానికి బ్యాంకు నుంచి తీసి మీకు కట్టినా ఖర్చు 6,900 దాటదు. ఎటు చూసినా 8,000 ఆయనకు లాభమే. ఆయన ఈ లెక్క చూసే మనిషి అయితే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆయనకు కావాల్సింది రేటు తగ్గింపు మాత్రమే అనీ, వారం మాట దానికి తోడు తెచ్చిన కారణమనీ మీకు తెలిసిపోతుంది. అది తెలియడం కూడా మీకు పనికొచ్చే విషయమే, తర్వాతి జవాబు దాన్ని బట్టే ఉంటుంది.

ఇక్కడొక మాట. ఆయన 45 రోజులకే ఖచ్చితంగా ఇచ్చే మనిషి అయితే లెక్క మారుతుంది. అప్పుడు ముందుకొచ్చేది 38 రోజులే, వడ్డీ 5,900, ఇవ్వగలిగింది 1.5 శాతం లోపే. అందుకే పీఓలో రాసిన గడువుతో కాక, మీ లెడ్జర్ తీసి ఆయన గత ఏడాది ఇన్వాయిస్‌లకు డబ్బు పడిన తేదీలతో లెక్క కట్టండి. 60 అన్నది మీ అంచనానా, లెడ్జర్ చెప్పిన మాటా అన్నది ముందు తేల్చుకోండి.

అంకె తేలింది కదా, ఇక మీ జవాబులో ఒక్కో వాక్యం దగ్గరకు వద్దాం.

"మీరు అడిగారు కాబట్టి కాదనలేను." దీన్ని కొట్టేయండి. ఇది ప్రేమతో రాసిన మాటే, నాకు అర్థమైంది. కానీ అడిగితే చాలు తగ్గుతుంది అని మీరే రాసి ఇచ్చినట్టవుతుంది. పైగా ఈ వాక్యం తర్వాత మీరు ఏ షరతు పెట్టినా దానికి బలం ఉండదు, ఎందుకంటే నిర్ణయం అప్పటికే అయిపోయింది.

"మెటీరియల్ రేటు... చాలా టైట్‌గా ఉంది." ఈ వాక్యం మొత్తం తీసేయండి. ఇది రెండు రకాలుగా నష్టం చేస్తుంది. ఒకటి, స్టీలు ధర గురించి మీరు ఎత్తితే ఆయన దాని గురించే మాట్లాడతారు, పోయిన నెల తగ్గింది కదా అంటారు, మీ ఖర్చుల చర్చ మొదలవుతుంది. అసలు విషయం పేమెంట్ తేదీ, మీ ఖర్చులు కాదు. రెండోది ఇంకా పెద్దది. డబ్బుకు ఇబ్బందిగా ఉందని మీరు చెప్పగానే, ముందుగా ఇచ్చే డబ్బుకు ఎంత ఎక్కువ అడగవచ్చో ఆయనకు తెలిసిపోతుంది. 5 శాతం అడిగినవారు 7 అడుగుతారు.

"పరిచయం దృష్ట్యా 76కి ఒప్పుకుంటున్నాం." మొత్తం మెసేజ్‌లో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది ఈ వాక్యం. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. తగ్గించడానికి కారణం పరిచయం అని రాశారు. పరిచయం వచ్చే నెలా ఉంటుంది, పై ఏడాదీ ఉంటుంది, మరి అప్పుడెందుకు 80 అంటున్నావు అంటే మీ దగ్గర జవాబుండదు. కారణం తేదీ అయితే, తేదీ తప్పిన రోజున కారణం కూడా పోతుంది.

రెండోది 76 అన్న అంకె. పీస్ రేటును ఎప్పుడూ ముట్టుకోవద్దు. ఆయన ఆఫీసులో పీఓ వేసే అమ్మాయి సిస్టమ్‌లో 76 ఎక్కించగానే అది మీ బుష్‌కు చివరి కొనుగోలు రేటు అయి కూర్చుంటుంది. తర్వాతి ఆర్డరుకు వాళ్ళు స్క్రీన్ తెరిస్తే కనిపించేది 76 మాత్రమే. వారంలో డబ్బు ఇస్తామన్న షరతు మీద ఆ రేటు ఇచ్చారన్న సంగతి అక్కడ ఎక్కడా ఉండదు. నాకు తెలిసిన ఒక షాఫ్ట్‌ల యూనిట్‌లో అచ్చం ఇలాగే జరిగింది. మొదటి రెండు ఇన్వాయిస్‌లకు వారంలో డబ్బు వచ్చింది, మూడోదానికి నెల పట్టింది, ఆ తర్వాత మళ్ళీ రెండు నెలలకు పోయింది. రేటు మాత్రం పాతదానికి తిరిగి రాలేదు. కొనేవాళ్ళ పర్చేజ్ మేనేజర్ మారాడు, కొత్తాయన ఇదేగా మీ రేటు అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు, ఆయన ముందున్న కాగితం మీద అదే ఉంది.

కాబట్టి రేటు 80గానే ఉండాలి, ఇన్వాయిస్ 80కే పడాలి. తగ్గింపు డిస్కౌంటుగా, విడిగా, డబ్బు ఖాతాలో పడిన తర్వాత క్రెడిట్ నోట్ రూపంలో వెళ్ళాలి. ఇన్వాయిస్‌లోనే 76 వేసి, వారం దాటాక మిగతా 4 రూపాయలు ఇవ్వండని వెంటపడటం చాలా కష్టం. 20,000కి డెబిట్ నోట్ పంపితే వాళ్ళ అకౌంట్స్ వాళ్ళు పీఓ రేటే 76 కదా అని వెనక్కి పంపుతారు.

"వారంలోపు పేమెంట్ చేయగలరని ఆశిస్తున్నాం." ఆశ అనే మాట తీసి షరతు పెట్టండి. అంతకన్నా ముందు, వారం అంటే ఎప్పటినుంచి? మీరు ఇన్వాయిస్ తేదీ అనుకుంటారు. వాళ్ళ స్టోర్స్ సరుకు అందినట్టు జీఆర్‌ఎన్ వేసిన తేదీ అనుకుంటుంది. వాళ్ళ అకౌంట్స్ క్వాలిటీ వాళ్ళు ఓకే చేసి బిల్లు తమ టేబుల్ మీదకు వచ్చిన తేదీ అనుకుంటుంది. ఈ మూడింటి మధ్య తేడా పది రోజులు కూడా ఉండొచ్చు. వాళ్ళు నిజాయితీగానే వారంలో ఇచ్చాం అంటారు, మీకు మాత్రం 17వ రోజున డబ్బు అందుతుంది.

నేనైతే సరుకు వాళ్ళ గేటులో దిగిన రోజును పెట్టుకుంటాను. గేటు దగ్గర మీ ఇన్వాయిస్ కాపీ మీద ముద్ర, తేదీ వేసి ఇస్తారు కదా, ఆ కాగితం ఇద్దరి దగ్గరా ఉంటుంది కాబట్టి వాదన ఉండదు. ఇన్వాయిస్ తేదీ పెడితే బండి ఒకరోజు ఆలస్యమైనా గొడవే. జీఆర్‌ఎన్ తేదీ పెడితే అది పూర్తిగా వాళ్ళ చేతిలో ఉంటుంది. దిగిన రోజు లెక్కలోకి వస్తుందా రాదా అన్నది కూడా చెప్పేయండి. రాదు అనుకుంటే 8వ తేదీన దిగిన సరుకుకు 15వ తేదీ ఆఖరు. సరుకు దిగిన సాయంత్రమే ఆ తేదీని వాట్సాప్‌లో పంపండి, 15 అని అంకె కనిపిస్తే ఎవరూ మళ్ళీ వేళ్ళు లెక్కపెట్టుకోరు.

అలాగే చెల్లించడం అంటే ఏమిటో రాయాలి. చెక్కు రాసి ఓనర్ సంతకానికి పెట్టిన రోజు వాళ్ళకు పేమెంట్ అయిన రోజే. మీకు ఖాతాలో జమ అయిన రోజు లెక్క. అందుకే జమ అనే మాట వాడండి. ఆదివారం, రెండో శనివారం అన్న సాకు కూడా ఇప్పుడు లేదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి సెలవు రోజుల్లో కూడా 24 గంటలూ నడుస్తున్నాయి.

"ఇంకా ఏమైనా ఉంటే చెప్పండి, మాట్లాడుకుందాం." ఇది మనం అలవాటుగా రాసే మాట. కానీ రేటు గురించిన ఉత్తరం చివర ఇది ఉంటే పైన చెప్పింది ఆఖరి మాట కాదని అర్థం. దీని స్థానంలో ఆయన తర్వాత చేయాల్సిన పని రాయండి, అంటే పీఓలో ఈ షరతు చేర్చి పంపమని.

ఇక ఎవరికి రాస్తున్నాం అన్నది. మీరు ఓనర్‌కు రాస్తున్నారు, కానీ దీన్ని అమలు చేయాల్సింది ఆయన అకౌంట్స్ మనిషి. ఆ మనిషికి మీరు అన్నా అన్నా ఒకటే, సార్ అన్నా ఒకటే, కావాల్సింది రూపాయలూ తేదీలూ. అందుకే రెండుగా పంపండి. ఆయనకు వాట్సాప్‌లో రెండు లైన్లు, వివరమంతా మెయిల్‌లో, అకౌంట్స్‌కు కాపీ పెట్టి. వాట్సాప్‌లో ఇలా:

"నమస్తే అన్నా. వారంలో వేయిస్తానన్నారు, సంతోషం. రేటు 80లో మార్పు లేకుండా, 7 రోజుల్లో డబ్బు పడితే 2 శాతం డిస్కౌంటు ఇస్తాను. ఈ ఆర్డరుకు 8,000. వివరాలు మెయిల్ పెట్టాను, అకౌంట్స్ వాళ్ళకు కూడా వెళ్ళింది."

మెయిల్‌లో ఇలా:

"నమస్కారం.

5,000 స్టీలు బుష్‌ల ఆర్డరుకు త్వరగా చెల్లిస్తామన్నందుకు ధన్యవాదాలు.

రేటు ఒక్కోటి 80 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇన్వాయిస్ మొత్తం 4,72,000. చెల్లింపు గడువు ఎప్పటిలాగే 45 రోజులు.

సరుకు మీ గేటులో దిగిన రోజు తర్వాత 7 రోజుల్లోపు డబ్బు మా బ్యాంకు ఖాతాలో జమ అయితే సరుకు విలువ మీద 2 శాతం డిస్కౌంటు ఇస్తాం. అది 8,000, దాని మీద జీఎస్టీ 1,440 కలిపి 9,440. అంటే ఆ గడువులో 4,62,560 చెల్లిస్తే సరిపోతుంది. జమ అయిన మర్నాడు ఈ ఇన్వాయిస్ నంబరు వేసి 9,440కి క్రెడిట్ నోట్ పంపుతాం.

ఇన్‌స్పెక్షన్‌లో తిరస్కరించిన పీసులుంటే వాటి విలువ తీసేసి, మిగతావాటికి ఇదే గడువు, ఇదే శాతం వర్తిస్తాయి.

7 రోజులు దాటితే డిస్కౌంటు వర్తించదు, ఇన్వాయిస్ మొత్తం చెల్లించాలి. ఈ డిస్కౌంటు ఈ ఒక్క ఆర్డరుకే.

సమ్మతమైతే ఈ షరతును పీఓలో చేర్చి పంపండి. పీఓ అందగానే పని మొదలుపెడతాం."

ఇందులో కొన్ని మాటలు ఎందుకున్నాయో చెబుతాను. 2 శాతం అని మాత్రమే రాసి వదిలేస్తే అకౌంట్స్ వాళ్ళు 4,72,000 మీద 2 శాతం పట్టి 9,440 కొడతారు, ఆ మొత్తం సరిపోతుంది గానీ మళ్ళీ దాని మీద జీఎస్టీ సంగతేమిటని ఫోన్ వస్తుంది. అంకెలు విడదీసి రాస్తే ఆ ఫోన్ రాదు. 4,62,560 అని వాళ్ళు టైప్ చేయాల్సిన అంకెనే ఇచ్చాం. ఎంత సులువు చేస్తే అంత త్వరగా పడుతుంది.

తిరస్కరించిన పీసుల లైను చిన్నదే కానీ తీసేయకండి. 5,000లో 200 బుష్‌లు సైజు తేడా వచ్చాయనుకోండి, ఆ లెక్క తేలేదాకా మొత్తం బిల్లు ఆపేసి, తేలిన రోజు నుంచి వారం అంటారు. ఆ లైను ఉంటే మిగతా 4,800కు 7 రోజుల్లోపే ఇవ్వాలి, డిస్కౌంటు 7,680 అవుతుంది. మొదటి మూడు రోజుల్లో ఇన్‌స్పెక్షన్ అయ్యేలా చూడమని ఆయన క్వాలిటీ వాళ్ళకు విడిగా ఒక ఫోన్ చేసుకోండి. 7 రోజుల గడువు నిజానికి తప్పేది ఎక్కువగా అక్కడే, డబ్బు లేక కాదు.

పీఓలో చేర్చమని అడగడానికి జీఎస్టీ కూడా కారణం. సరుకు వెళ్ళకముందే రాతలో ఉన్న షరతు ప్రకారం డిస్కౌంటు ఇచ్చి, ఆ ఇన్వాయిస్‌కు ముడిపెట్టి క్రెడిట్ నోట్ వేసి, కొన్నవాళ్ళు తాము తీసుకున్న ఐటీసీలో 1,440 వెనక్కి ఇచ్చుకుంటే, మీ పన్ను కూడా ఆ 1,440 తగ్గుతుంది. ముందు ఏ రాతా లేకుండా తర్వాత ఇచ్చిన తగ్గింపుల మీదే ఆడిట్‌లో ప్రశ్నలు వస్తాయి. పీఓలో ఒక లైను, ఇన్వాయిస్ కింద అదే లైను, క్రెడిట్ నోట్ మీద ఇన్వాయిస్ నంబరు, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. క్రెడిట్ నోట్‌ను ఆ నెల జీఎస్టీఆర్-1లో చూపించండి, మీ ఆడిటర్‌కు ఈ మెయిల్ కాపీ ఇవ్వండి.

మీ మనసులో ఇంకొకటి ఉండే ఉంటుంది: 45 అని రాసి 60కి ఇస్తున్నారు కదా, దాన్ని ఎత్తాలా అని. మీరు ఉద్యమ్‌లో సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే, 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులకు మించకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న, అందరూ 43బి(హెచ్) అని పిలుచుకునే నిబంధన వల్ల, గడువు దాటాక మీకిచ్చే మొత్తాన్ని కొన్నవాళ్ళు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలరు. కాబట్టి మార్చి చివర్లో వాళ్ళ ఆడిటరే మీ బిల్లు గురించి అడుగుతారు. ఇవన్నీ తెలుసుకుని ఉండండి, ఉద్యమ్ నంబరు ఇన్వాయిస్ మీద ముద్రించండి. కానీ ఈ మెయిల్‌లో రాయొద్దు. ఆయన ముందుగా ఇస్తానని వచ్చినప్పుడు చట్టం చూపిస్తే మాట చెడుతుంది. పైన 45 రోజులు ఎప్పటిలాగే అని రాశాం కదా, మీ హక్కును ఆ లైను కాపాడుతుంది. 60 అన్న అంకె మాత్రం మీ రాతలో ఎక్కడా రానివ్వకండి.

ఆయన 2 చాలదు, 3 చెయ్యి అనవచ్చు. 3 అంటే 12,000. మీకు మిగిలే వడ్డీ కన్నా 3,800 ఎక్కువ. ఊరికే ఇవ్వకండి, బదులుగా ఇంకో తేదీ అడగండి. ఉదాహరణకు పీఓతోపాటు సగం, 2,36,000 అడ్వాన్సుగా, మిగతా సగం సరుకు దిగిన 7 రోజుల్లో. తయారీకి 20 రోజులు పడుతుందనుకుంటే ఆ సగం మీకు 80 రోజుల ముందు వస్తుంది, దాని వడ్డీ 6,200. రెండో సగానికి 4,100. కలిపి 10,300. అప్పుడు 2.5 శాతం, అంటే 10,000 దాకా వెళ్ళవచ్చు. 3 అప్పుడూ గిట్టదు. అడ్వాన్సు డబ్బుతో బార్ స్టాక్ నగదుకు కొంటే మీ స్టీలు డీలరు ఏమైనా తగ్గిస్తాడేమో ముందే అడిగి ఉంచుకోండి, తగ్గిస్తే ఆ మేరకు మీకు చోటు పెరుగుతుంది.

అసలు డిస్కౌంటే వద్దు, 76 కావాల్సిందే అంటే ఇంత రాస్తే చాలు: "అన్నా, రేటు 80 కన్నా తగ్గదు. 45 రోజుల గడువుకే చేసి ఇస్తాం. పీఓ పంపితే ఫలానా తేదీకి సరుకు మీ గేటులో ఉంటుంది." క్షమాపణలు, కారణాలు చేర్చవద్దు. డెలివరీ తేదీ రాయండి, ఆయనకు ఆ సమయానికి బుష్‌లు కావాలి కాబట్టి కాదన్న మాట పక్కన అది ఉండటం మంచిది.

ఒప్పుకున్నాక ఎదురయ్యే ఇబ్బంది ఒకటే ఉంటుంది. 12వ రోజున 4,62,560 పడుతుంది, డిస్కౌంటు మాత్రం కొట్టేసుకుంటారు. ఇది మోసం అని వెంటనే అనుకోనక్కర్లేదు, అకౌంట్స్ వాళ్ళు ఆ అంకెను ముందే ఎక్కించి పెట్టుకుని ఉంటారు. కానీ ఆ రోజే రాయాలి. ఒక నెల ఊరుకుంటే 12 రోజులకూ డిస్కౌంటు వస్తుందని వాళ్ళకు అలవాటైపోతుంది. డబ్బు పడినట్టు మెసేజ్ రాగానే అకౌంట్స్‌కు ఇలా పంపండి, ఓనర్‌కు కాపీ వద్దు:

"4,62,560 ఈ రోజు అందింది, ధన్యవాదాలు. సరుకు 8న దిగింది, డిస్కౌంటు గడువు 15తో ముగిసింది. కాబట్టి ఈ ఇన్వాయిస్ మీద ఇంకా 9,440 రావాలి. ఈ వారం పేమెంట్లలో దాన్ని చేర్చగలరు. క్రెడిట్ నోట్ వేయలేదు."

ఆ చివరి వాక్యం ముఖ్యం. క్రెడిట్ నోట్ లేకపోతే వాళ్ళ పుస్తకాల్లో మీ ఖాతా 9,440కి తెరిచే ఉంటుంది, నెలాఖరులో లెడ్జర్లు సరిచూసుకునేటప్పుడు వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు. అప్పటికీ రాకపోతే ఓనర్‌కు ఫోన్ చేయండి, మెసేజ్ కాదు. తర్వాతి ఆర్డరు పీఓ వచ్చే సమయంలో చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే అప్పుడు ఆయనకు కూడా మీతో పని ఉంటుంది.